డిస్కౌంటు చేసిన బిల్లు తిరిగొస్తే: రాసినవాడి పుస్తకాల్లో, ఒప్పుకున్నవాడి పుస్తకాల్లో

ఇంటర్ కామర్స్ చదివే పిల్లలకైనా, ఆడిటర్ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకైనా వర్తకపు బిల్లుల దగ్గర ఒకేచోట బండి ఆగిపోతుంది. బిల్లును బ్యాంకులో డిస్కౌంటు చేశాం, డబ్బు తెచ్చుకున్నాం, వసూలు బిల్లుల ఖాతా సున్నా అయింది. రెండు నెలల తర్వాత అవతలివాడు డబ్బు కట్టలేదని బ్యాంకు మన ఖాతాలోంచి మొత్తం సొమ్ము తీసేసుకుంటుంది. మన పుస్తకాల్లో లేని బిల్లుకు మనమెందుకు కట్టాలి? పద్దు ఎలా రాయాలి? చాలామంది ఇక్కడ పద్దుల పట్టికను బట్టీ పట్టేస్తారు. బట్టీ పట్టాల్సిన పని లేదు. కాగితం ఎవరి చేతిలో ఉంది, బాధ్యత ఎవరి మీద ఉంది అనే రెండు ప్రశ్నలను విడివిడిగా అడిగితే పద్దు దానంతటదే వస్తుంది. డిస్కౌంటు చేసినప్పుడు కాగితం చేతులు మారుతుంది. బాధ్యత మాత్రం మారదు. వ్యవహారం మొత్తంలో తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇదే.

ఒకే బిల్లును మొదటి నుంచి చివరి వరకు వెంబడిద్దాం. చీరాలలో చేనేత చీరల హోల్‌సేల్ వ్యాపారం చేసే రంగయ్య, రాజమండ్రిలో బట్టల షాపు ఉన్న శేషగిరికి 2025 జనవరి 4న 1,20,000 రూపాయల సరుకు అరువు మీద పంపాడని అనుకుందాం. ఇద్దరూ ఉదాహరణ కోసం పెట్టుకున్న మనుషులే. జీఎస్టీని పక్కన పెడుతున్నాను, లేకపోతే లెక్క అనవసరంగా పెరుగుతుంది.

సరుకు వెళ్లిన రోజు రంగయ్య పుస్తకాల్లో శేషగిరి ఖాతా డెబిట్, అమ్మకాల ఖాతా క్రెడిట్. శేషగిరి పుస్తకాల్లో కొనుగోళ్ల ఖాతా డెబిట్, రంగయ్య ఖాతా క్రెడిట్. ఇది మామూలు అరువు బాకీ. రంగయ్య దగ్గర ఇన్‌వాయిస్ ఉంది కానీ, దాన్ని తీసుకెళ్లి నూలు వ్యాపారికి ఇచ్చి "దీన్ని నా బాకీ కింద జమ చేసుకో" అంటే ఆయన ఒప్పుకోడు. శేషగిరి ఎప్పుడు కడతాడో, సరుకు బాగోలేదని పేచీ పెడతాడో ఎవరికి తెలుసు? ఆ బాకీని ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఇవ్వగలిగేలా చేయడానికే రంగయ్య ఒక బిల్లు రాస్తాడు.

చీరాల, 4 జనవరి 2025
రూ. 1,20,000
ఈ తేదీ నుంచి మూడు నెలలకు నాకు గానీ, నా ఆర్డరు ప్రకారం గానీ లక్షా ఇరవై వేల రూపాయలు చెల్లించండి. విలువ ముట్టింది.
(సంతకం) రంగయ్య
శేషగిరి గారికి, రాజమండ్రి

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో సెక్షన్ 5 దీన్నే నిర్వచిస్తుంది. రాతలో ఉండాలి, షరతు లేని ఆజ్ఞ అయి ఉండాలి, రాసినవాడి సంతకం ఉండాలి, సొమ్ము నిర్దిష్టంగా ఉండాలి. "సరుకు అమ్ముడుపోయాక చెల్లించండి" అని రాస్తే అది బిల్లు కాదు, ఉత్తరం మాత్రమే. బిల్లు రాసిన రంగయ్యను డ్రాయర్ అంటారు, మన పాఠ్యపుస్తకాల్లో బిల్లు కర్త. ఎవరి మీద రాశారో ఆ శేషగిరి డ్రాయీ. సొమ్ము ఎవరికి చేరాలో ఆ మనిషి పేయీ. ఇక్కడ డ్రాయరు, పేయీ ఇద్దరూ రంగయ్యే.

స్టాంపు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స్టాంపు వేయాల్సిన బిల్లుకు వేయకపోతే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. మిగతా చాలా పత్రాలకు తర్వాత జరిమానా కట్టి సరిచేసుకునే వీలుంది. బిల్లుకు, ప్రామిసరీ నోటుకు ఆ వెసులుబాటు లేదు.

శేషగిరి సంతకం పడే వరకు ఈ కాగితంతో రంగయ్యకు పెద్దగా లాభం లేదు. ఎవరో నా పేరు మీద బిల్లు రాసినంత మాత్రాన నేను బాధ్యుడిని కాను. శేషగిరి దాని ముఖం మీద అడ్డంగా "అంగీకరించాను" అని రాసి సంతకం చేసి తిరిగి ఇచ్చినప్పుడే అంగీకారం పూర్తవుతుంది. ఆలోచించుకోవడానికి, సెలవు దినాలు మినహాయించి, చట్టం 48 గంటలు ఇస్తుంది. మన కథలో జనవరి 6న సంతకం పెట్టాడు. ఆ రోజు నుంచి అతను ఉత్త డ్రాయీ కాదు, స్వీకర్త. అందరికంటే ముందు చెల్లించాల్సిన బాధ్యత అతనిదే.

అప్పుడు పడే పద్దులు ఇవి. రంగయ్య పుస్తకాల్లో:

వసూలు బిల్లుల ఖాతా డెబిట్ 1,20,000
శేషగిరి ఖాతా క్రెడిట్ 1,20,000

శేషగిరి పుస్తకాల్లో:

రంగయ్య ఖాతా డెబిట్ 1,20,000
చెల్లింపు బిల్లుల ఖాతా క్రెడిట్ 1,20,000

ఒక్క రూపాయి కూడా చేతులు మారలేదు, అయినా రెండు పుస్తకాల్లోనూ వ్యక్తి ఖాతా మూతపడింది. రంగయ్య ఆవర్జాలో శేషగిరి ఖాతా నిల్వ సున్నా. బాకీ తీరిపోయిందా? లేదు. మనిషి పేరు మీద ఉన్న బాకీ కాగితం రూపంలోకి మారింది. ఈ మార్పు బిల్లు చెల్లితేనే నిలబడుతుంది, చెల్లకపోతే పాత బాకీ మళ్లీ లేస్తుంది. ఈ మాట గుర్తుంటే బిల్లు చెల్లనప్పుడు రాసే పద్దులో సగం అర్థమైనట్టే.

గడువు లెక్క చిన్నదే కానీ తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. జనవరి 4 నుంచి మూడు నెలలంటే ఏప్రిల్ 4. దానికి మూడు అనుగ్రహ దినాలు కలిపితే ఏప్రిల్ 7, సోమవారం. "తేదీ నుంచి" అని రాసిన బిల్లుకు అంగీకారం ఎప్పుడు జరిగిందన్న దానితో పని లేదు. "చూపిన తర్వాత" అని రాసి ఉంటే అంగీకరించిన తేదీ నుంచి లెక్కించాలి. ఇదే బిల్లును ఒక్కరోజు ముందు రాసి ఉంటే గడువు ఏప్రిల్ 6, ఆదివారం అయ్యేది. అలాంటప్పుడు తర్వాతి రోజుకు జరపకూడదు, అంతకు ముందున్న పని దినానికే గడువు తీరినట్టు. సెలవు వస్తే ఒకరోజు కలిసొస్తుందని అనుకునేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. నెలలో ఆ తేదీ లేకపోతే ఆ నెల ఆఖరి రోజు తీసుకోవాలి. 1878 జనవరి 29న రాసిన ఒక నెల పత్రానికి ఫిబ్రవరి 28 తర్వాత మూడో రోజున గడువు తీరుతుందని చట్టమే ఉదాహరణ ఇచ్చి చెప్పింది.

ఇప్పుడు అంగీకరించిన బిల్లు రంగయ్య చేతిలో ఉంది. ఏం చేయాలో అతని ఇష్టం. పెట్టెలో పెట్టుకుని ఏప్రిల్ 7 దాకా ఆగవచ్చు, అప్పుడు ఇక కొత్త పద్దేమీ లేదు. బ్యాంకుకు ఇచ్చి గడువు రోజున వసూలు చేసి పెట్టమనవచ్చు. అప్పుడు "వసూలుకు పంపిన బిల్లులు" అనే ఖాతాను డెబిట్ చేసి, వసూలు బిల్లుల ఖాతాను క్రెడిట్ చేస్తాడు. బ్యాంకు ఇక్కడ ఏజెంటు మాత్రమే, బిల్లు ఇంకా రంగయ్యదే.

మూడో దారి ఎండార్స్‌మెంట్. రంగయ్య తన నూలు వ్యాపారికి 1,20,000 బాకీ ఉన్నాడనుకుందాం. బిల్లు వెనక "ఫలానా వారికి గానీ, వారి ఆర్డరు ప్రకారం గానీ చెల్లించండి" అని రాసి, సంతకం చేసి ఇచ్చేస్తాడు. ఉత్త సంతకం మాత్రమే పెట్టి ఇచ్చినా చెల్లుతుంది. కానీ అలా ఇచ్చిన బిల్లు ఎవరి చేతికి చిక్కితే వాళ్లు సొమ్ము అడగగలిగేలా తయారవుతుంది. పోగొట్టుకుంటే కష్టం కాబట్టి, పేరు రాసి ఇవ్వడమే మంచిది. పద్దు:

నూలు వ్యాపారి ఖాతా డెబిట్ 1,20,000
వసూలు బిల్లుల ఖాతా క్రెడిట్ 1,20,000

ఆ వెనక సంతకంతో రంగయ్య రెండు పనులు చేశాడు. బిల్లు మీద హక్కును బదిలీ చేశాడు. దాంతోపాటు, శేషగిరి కట్టకపోతే నేను కడతానని నూలు వ్యాపారికి హామీ కూడా ఇచ్చాడు. ఈ రెండోది కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు. రాసి లేకపోయినా చట్టం ఉందనే అంటుంది. వద్దనుకుంటే సంతకం పక్కన "నా మీద తిరుగు బాధ్యత లేకుండా" అని స్పష్టంగా రాయాలి. అలా రాసిన బిల్లును తీసుకోవడానికి నూలు వ్యాపారి ఒప్పుకోవాలి మరి.

నాలుగో దారి డిస్కౌంటు. ఫిబ్రవరి 7న రంగయ్యకు డబ్బు అవసరం పడింది. బిల్లు తీసుకుని బ్యాంకుకు వెళ్లాడు. బ్యాంకు సాలుకు 12 శాతం చొప్పున డిస్కౌంటు తీసుకుంటానంది. గడువుకు ఇంకా రెండు నెలలు ఉంది. 1,20,000 మీద 12 శాతం అంటే ఏడాదికి 14,400, రెండు నెలలకు 2,400. రంగయ్య ఖాతాలో 1,17,600 పడింది.

బ్యాంకు ఖాతా డెబిట్ 1,17,600
డిస్కౌంటు ఖాతా డెబిట్ 2,400
వసూలు బిల్లుల ఖాతా క్రెడిట్ 1,20,000

డిస్కౌంటు లెక్కలో నెలలు ఎక్కడి నుంచి ఎక్కడికి లెక్కించాలన్నది విద్యార్థులకు పెద్ద చిక్కు. బిల్లు మొత్తం కాలం మూడు నెలలు. కానీ జనవరి నుంచి ఫిబ్రవరి 7 దాకా సొమ్ము కోసం ఆగింది రంగయ్యే, బ్యాంకు కాదు. బ్యాంకు డబ్బు బయట ఉండేది ఫిబ్రవరి 7 నుంచి ఏప్రిల్ 7 వరకే. అందుకని మిగిలిన కాలానికే డిస్కౌంటు. పరీక్షలో నెలలతో లెక్కిస్తాం. నిజంగా బ్యాంకు రోజులతో లెక్కిస్తే 59 రోజులకు, 365 రోజుల ఏడాది మీద, సుమారు 2,328 వస్తుంది. ఇంకో సంగతి. రంగయ్య చేతికి వచ్చింది 1,17,600, దాని మీద రెండు నెలలకు పడిన ఖర్చు 2,400. వడ్డీని ముందే కోసుకోవడం వల్ల అతని మీద పడిన అసలు రేటు సాలుకు 12 శాతం కంటే కాస్త ఎక్కువ, దాదాపు 12.24.

శేషగిరి పుస్తకాల్లో ఈ మూడు సందర్భాల్లో ఏ పద్దు రాయాలి? ఏమీ లేదు. బిల్లు బ్యాంకుకు వెళ్లిందో, నూలు వ్యాపారికి వెళ్లిందో అతనికి చాలాసార్లు తెలియను కూడా తెలియదు. తెలిసినా అతని బాధ్యత అంగుళం కూడా కదలలేదు. ఏప్రిల్ 7న ఎవరు ఆ కాగితం పట్టుకొస్తే వాళ్లకు 1,20,000 కట్టాలి, అంతే. అందుకే చెల్లింపు బిల్లుల ఖాతా అంగీకారం రోజున తెరుచుకుని గడువు దాకా కదలకుండా ఉంటుంది. పరీక్ష పేపర్లలో శేషగిరి వైపు డిస్కౌంటు పద్దు రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలు.

రంగయ్య వైపు సంగతి వేరు. డిస్కౌంటు పద్దు చూస్తే బిల్లును బ్యాంకుకు అమ్మేసినట్టే ఉంటుంది. నా అభిప్రాయంలో ఈ పద్దు సగం నిజమే చెబుతుంది. రంగయ్య బిల్లును అమ్మలేదు. శేషగిరి సంతకాన్ని చూపించి, తన సంతకాన్ని జత చేసి, రెండు నెలల పాటు డబ్బు తెచ్చుకున్నాడు. శేషగిరి కట్టకపోతే బ్యాంకు రంగయ్య వైపే తిరుగుతుంది. మన ఉదాహరణలో మార్చి 31న పుస్తకాలు మూసేటప్పుడు ఈ తేడా కళ్లకు కడుతుంది. ఆ రోజుకు బిల్లు గడువు తీరలేదు. వసూలు బిల్లుల ఖాతాలో అది లేదు, అప్పుల్లోనూ లేదు. ఆస్తి అప్పుల పట్టిక చూసినవాడికి రంగయ్య మీద ఏ భారమూ లేదనిపిస్తుంది. అందుకే పట్టిక కింద వివరణల్లో "డిస్కౌంటు చేసి, గడువు తీరని బిల్లులకు సంబంధించిన సంభవనీయ అప్పు 1,20,000" అని చూపించాలి. చూపించాల్సింది వచ్చిన 1,17,600 కాదు, బిల్లు మొత్తం. తిరిగొస్తే కట్టాల్సింది అంత కాబట్టి. ఎండార్స్ చేసి గడువు తీరని బిల్లులకూ ఇదే పద్ధతి.

ఇండ్ ఏఎస్ ప్రమాణాలు పాటించే పెద్ద కంపెనీలకు ఈ దాపరికం కూడా కుదరదు. తిరుగు బాధ్యతతో డిస్కౌంటు చేస్తే రిస్కు కంపెనీ దగ్గరే మిగిలింది కాబట్టి, రావలసిన సొమ్మును పుస్తకాల్లోంచి తీసేయకుండా, బ్యాంకు ఇచ్చినదాన్ని అప్పుగా చూపించమంటాయి. చిన్న వ్యాపారికి పాఠ్యపుస్తకం పద్దు సరిపోతుంది, కింద ఆ వివరణ రాయడం మరచిపోనంత వరకు.

ఏప్రిల్ 7 వచ్చింది. శేషగిరి కట్టేస్తే కథ తేలిగ్గా ముగుస్తుంది. అతని పుస్తకాల్లో చెల్లింపు బిల్లుల ఖాతా డెబిట్, బ్యాంకు ఖాతా క్రెడిట్. రంగయ్య బిల్లును దగ్గరే ఉంచుకుని ఉంటే బ్యాంకు డెబిట్, వసూలు బిల్లులు క్రెడిట్. వసూలుకు పంపి ఉంటే బ్యాంకు డెబిట్, వసూలుకు పంపిన బిల్లులు క్రెడిట్. డిస్కౌంటు చేసినా, ఎండార్స్ చేసినా రంగయ్య రాయాల్సింది ఏమీ లేదు. కాగితం అతని చేతిలో లేదు, పిలుపూ రాలేదు.

కట్టలేదనుకుందాం. బ్యాంకు మనిషి వ్యాపార వేళల్లో బిల్లు చూపించాడు, శేషగిరి దగ్గర డబ్బు లేదు. దీన్నే అనాదరణ అంటారు, వాడుకలో డిషానర్. ఇక్కడ బ్యాంకు రెండు పనులు చేస్తుంది. మొదటిది నోటింగ్. నోటరీ దగ్గరికి బిల్లు పంపితే ఆయన బిల్లు మీదో, దానికి అతికించిన కాగితం మీదో అనాదరణ తేదీ, చెప్పిన కారణం ఉంటే అది, తన రుసుము రాసి పెడతాడు. దేశంలోపలి బిల్లుకు నోటింగ్ తప్పనిసరేమీ కాదు, కానీ రేపు కోర్టుకు వెళ్తే బిల్లు చూపించారా లేదా అన్న వాదన లేకుండా పోతుంది. మన లెక్కలో ఖర్చు 300 రూపాయలు అనుకుందాం.

రెండోది నోటీసు. ఇది నోటింగ్ కంటే ముఖ్యం. బిల్లు చేతిలో ఉన్నవాడు తాను ఎవరిని బాధ్యుణ్ని చేయాలనుకుంటే వాళ్లందరికీ అనాదరణ సంగతి తెలియజేయాలి. వేర్వేరు ఊళ్లలో వ్యాపారం చేసేవాళ్లయితే ఆ వెంటనే పోయే టపాలో గానీ, మర్నాడు గానీ నోటీసు పంపితే సకాలంలో ఇచ్చినట్టు లెక్క. స్వీకర్తకు నోటీసు అక్కర్లేదు, కట్టనిది అతనే కదా. రంగయ్యకు మాత్రం పంపాలి. పంపకపోతే, చట్టం చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, రంగయ్య బాధ్యత జారిపోతుంది. బ్యాంకు ఖాతాలో పెద్ద డెబిట్ చూసి కంగారుపడే బదులు, నోటీసు వచ్చిందా, ఏ తేదీన వచ్చిందని మొదట చూడాలి.

ఇప్పుడు అందరూ భయపడే పద్దు. రంగయ్య పుస్తకాల్లో డెబిట్ ఏ సందర్భంలోనైనా ఒకటే, శేషగిరి ఖాతా, 1,20,300. కాగితం రూపంలోకి మారిన బాకీ మళ్లీ మనిషి పేరు మీదికి వచ్చింది, దానికి నోటింగ్ ఖర్చు తోడైంది. కట్టనివాడే దాన్ని భరించాలి. క్రెడిట్ ఎవరికి? గడువు రోజున కాగితం ఎవరి దగ్గరుందో వాళ్లకు. మన కథలో బ్యాంకు దగ్గరుంది:

శేషగిరి ఖాతా డెబిట్ 1,20,300
బ్యాంకు ఖాతా క్రెడిట్ 1,20,300

నూలు వ్యాపారికి ఎండార్స్ చేసి ఉంటే క్రెడిట్ నూలు వ్యాపారి ఖాతాకు, 1,20,300. అంటే రంగయ్య మళ్లీ ఆయనకు బాకీ పడ్డాడు. వసూలుకు పంపి ఉంటే వసూలుకు పంపిన బిల్లులకు 1,20,000, బ్యాంకు ఖాతాకు 300. తన దగ్గరే ఉంచుకుని ఉంటే వసూలు బిల్లులకు 1,20,000, నోటింగ్ ఖర్చు తనే కట్టాడు కాబట్టి నగదు ఖాతాకు 300. నాలుగు పద్దుల్లోనూ మారింది క్రెడిట్ పక్కన పేరు మాత్రమే.

తరచూ జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. బ్యాంకు ఇచ్చింది 1,17,600 కదా, అంతే వెనక్కి తీసుకోవాలని కొందరు ఆ అంకె వేస్తారు. తప్పు. ఆ 2,400 బ్యాంకు డబ్బును రెండు నెలలు వాడుకున్నందుకు రంగయ్య ఇచ్చిన ధర. రెండు నెలలు గడిచిపోయాయి, ధర చెల్లిపోయింది. శేషగిరి ఖాతాలోనూ దాన్ని వేయడానికి లేదు. అది రంగయ్య తన అవసరానికి చేసుకున్న ఖర్చు. నోటింగ్ 300 శేషగిరిది, డిస్కౌంటు 2,400 రంగయ్యది.

శేషగిరి పుస్తకాల్లో, బిల్లు ఎక్కడ తిరిగినా, ఒకే పద్దు:

చెల్లింపు బిల్లుల ఖాతా డెబిట్ 1,20,000
నోటింగ్ ఖర్చుల ఖాతా డెబిట్ 300
రంగయ్య ఖాతా క్రెడిట్ 1,20,300

బిల్లు తెచ్చింది బ్యాంకు, ఖర్చు పెట్టింది బ్యాంకు, మరి క్రెడిట్ రంగయ్యకు ఎందుకు? శేషగిరికి సరుకు ఇచ్చింది రంగయ్య, ఖాతా నడిచింది అతనితోనే. బ్యాంకు తన సొమ్మును రంగయ్య దగ్గర రాబట్టుకుంది. చివరికి శేషగిరి మీద బాకీ అడిగేది రంగయ్యే. ఎండార్స్ చేసిన సందర్భంలో నూలు వ్యాపారి కూడా తన పుస్తకాల్లో శేషగిరిని కాకుండా రంగయ్యనే డెబిట్ చేస్తాడు. చట్ట ప్రకారం ఆయన శేషగిరి మీద నేరుగా దావా వేయవచ్చు, రంగయ్య మీదా వేయవచ్చు, ఇద్దరి మీదా వేయవచ్చు. పద్దు మాత్రం ఖాతా ఎవరితో నడిచిందో వాళ్ల పేరు మీదే పడుతుంది.

దావా అన్నాం కాబట్టి ఒక అపోహ తీర్చాలి. చెక్కు బౌన్స్ అయితే జైలు దాకా వెళ్లే సెక్షన్ 138 ఇక్కడ పనిచేయదు. అది చెక్కులకే. బిల్లు అనాదరణ సివిల్ వ్యవహారం. కానీ బిల్లు చేతిలో ఉన్నవాడికి మామూలు అరువు ఖాతా ఉన్నవాడి కంటే మెరుగైన దారి ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 కింద సమ్మరీ దావా వేయవచ్చు. సమన్లు అందిన పది రోజుల్లో ప్రతివాది హాజరు నమోదు చేయించుకోవాలి, ఆ తర్వాత వాదించుకోవడానికి కోర్టు అనుమతి అడగాలి, తన దగ్గర నిజమైన వాదన ఉందని చూపించాలి. ఊరికే వాయిదాలతో సాగదీయడం కష్టం. చేతిలో ఇన్‌వాయిస్ ఉండటానికీ, సంతకం ఉన్న బిల్లు ఉండటానికీ తేడా తెలిసేది ఇలాంటప్పుడే.

బజారులో అందరూ కోర్టుకు పోరు. శేషగిరి వచ్చి, పెళ్లిళ్ల సీజన్ సరుకు ఇంకా కదల్లేదు, 40,300 ఇప్పుడు తీసుకోండి, మిగతా 80,000కు రెండు నెలల గడువు ఇవ్వండి అంటాడు. రంగయ్య 15 శాతం వడ్డీకి ఒప్పుకున్నాడు, రెండు నెలలకు 2,000. కొత్త బిల్లు 82,000కు, ఏప్రిల్ 15 తేదీతో. దీన్ని బిల్లు నవీకరణ అంటారు. పాత బిల్లు రద్దు పద్దు అనాదరణ రోజున ఇప్పటికే పడింది కాబట్టి మిగిలినవి రెండే. ముందు శేషగిరి ఖాతా డెబిట్, వడ్డీ ఖాతా క్రెడిట్, 2,000. దాంతో శేషగిరి బాకీ 1,22,300 అయింది. తర్వాత:

బ్యాంకు ఖాతా డెబిట్ 40,300
వసూలు బిల్లుల ఖాతా డెబిట్ 82,000
శేషగిరి ఖాతా క్రెడిట్ 1,22,300

శేషగిరి తన వైపు వడ్డీ ఖాతాను డెబిట్ చేసి రంగయ్యను 2,000కు క్రెడిట్ చేస్తాడు. ఆ తర్వాత రంగయ్యను 1,22,300కు డెబిట్ చేసి, బ్యాంకు ఖాతాను 40,300కు, చెల్లింపు బిల్లుల ఖాతాను 82,000కు క్రెడిట్ చేస్తాడు. వడ్డీ పద్దు మరచిపోతే ఖాతా 2,000 తేడాతో నిలబడుతుంది, తప్పు వెంటనే దొరికిపోతుంది.

ఒకసారి నవీకరిస్తే సాయం. అదే బిల్లు గడువు గడువుకూ కొత్త బిల్లుగా మారుతుంటే అనుమానించాలి. వెనక సరుకు లేకుండా, ఇద్దరు వ్యాపారులు ఒకరి మీద ఒకరు బిల్లులు రాసుకుని, వేర్వేరు బ్యాంకుల్లో డిస్కౌంటు చేసి, ఒకదాని సొమ్ముతో ఇంకోదాన్ని తీర్చుకుంటూ పోవడం పాత జబ్బు. బయటికి రెండూ అంగీకరించిన బిల్లులే, సంతకాలు నిజమైనవే. పట్టుకోవాలంటే బిల్లు వెనక ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు, లారీ రసీదు ఉన్నాయా, వాటి మొత్తాలూ తేదీలూ బిల్లుతో కలుస్తున్నాయా అని చూడాలి. నిజమైన సరుకు మొత్తం 1,19,640 లాగా వస్తుంది. ప్రతిసారీ గుండు అంకెలే, ఎప్పుడూ గడువుకు ముందురోజే కొత్త డిస్కౌంటు, ఖాతాల్లో అటూ ఇటూ అవే రెండు పేర్లు ఉంటే ఆడిటర్ ఆగి అడగాలి. ఇద్దరిలో ఒకరు కూలితే రెండోవాడు తను రాసిన బిల్లులకూ, తను అంగీకరించిన బిల్లులకూ రెండింటికీ కట్టాల్సి వస్తుంది.

ఈరోజు చాలా చిన్న తయారీదారులు కాగితపు బిల్లు కంటే ట్రెడ్స్ వేదికలు వాడుతున్నారు. రిజర్వ్ బ్యాంకు అనుమతితో నడిచే ఈ వేదికల్లో చిన్న సంస్థ ఇన్‌వాయిస్ పెడుతుంది, కొన్న పెద్ద కంపెనీ ఒప్పుకుంటుంది, బ్యాంకులు పోటీపడి డిస్కౌంటు రేటు చెబుతాయి. అంగీకారం, డిస్కౌంటు రెండూ ఉన్నాయి, తెర మీద జరుగుతాయి అంతే. కానీ ఒక తేడా చాలా పెద్దది. ఇక్కడ అమ్మినవాడి మీద తిరుగు బాధ్యత ఉండదు. కొన్న కంపెనీ గడువుకు కట్టకపోతే బ్యాంకు ఆ కంపెనీనే అడుగుతుంది, చిన్న సంస్థ ఖాతాలోంచి డబ్బు వెనక్కి తీసుకోదు. రంగయ్య ఇలా ఒక పెద్ద రిటైల్ కంపెనీకి సరుకు ఇచ్చి ఉంటే, బ్యాంకు, డిస్కౌంటు ఖాతాలు డెబిట్ చేసి ఆ కంపెనీ ఖాతాను క్రెడిట్ చేసిన రోజే అతని పుస్తకాల్లో వ్యవహారం నిజంగా ముగిసేది. మార్చి 31న వివరణల్లో సంభవనీయ అప్పు రాయనక్కర్లేదు.